కావలి నుంచి నెల్లూరు పోటీకి ఎనిమిది వారాలు

తమ్ముడూ,

పవర్‌లిఫ్టింగ్ పోటీకి ఎంట్రీ కట్టేశావు, ఇక వెనక్కి తిరిగేది లేదు. స్క్వాట్ 160 కేజీలు, డెడ్‌లిఫ్ట్ 190 ఒప్పుకుంటా. బెంచ్ 100 మాత్రం ఒప్పుకోను. ఛాతీ మీద బార్ ఆపకుండా ఎగరేసిన బరువది, రిఫరీ ముందు చెల్లదు. 95 అనే లెక్కేశా.

మొదటి నాలుగు వారాలు స్క్వాట్ రెండుసార్లు, బెంచ్ మూడుసార్లు, డెడ్‌లిఫ్ట్ ఒక్కసారి. ఐదేసి రెప్స్, నాలుగు సెట్లు: స్క్వాట్ 120, బెంచ్ 70, డెడ్‌లిఫ్ట్ 142.5. కింద కూడా ఇదే వరుస. తేలిగ్గా ఉన్నా పెంచొద్దు. ఐదో వారం నుంచి రెండు మూడు రెప్సే, బరువు వారానికి కొంచెం పెరుగుతుంది. చివరి బరువైన డెడ్‌లిఫ్ట్ పోటీకి 12 రోజుల ముందు, స్క్వాట్ 8 రోజుల ముందు, బెంచ్ 6 రోజుల ముందు. ఆ బెంచ్ తప్ప ఆఖరి వారం సగం బరువులతో రెండు రోజులు వచ్చి పో. ఆ వారంలో జిమ్‌లో ఎవడో ఒకడు ‘165 ఒకసారి చూడరా’ అంటాడు. వాడి మాట వినబాకు.

ఐదో వారం నుంచి ప్రతి రెప్ కమాండ్ మీదే. స్క్వాట్‌లో తుంటి మడత మోకాలి పైభాగం కంటే కిందికి దిగాలి, లేచాక ‘ర్యాక్’ అనేదాకా కదలకూడదు. బెంచ్‌లో ‘స్టార్ట్’, ‘ప్రెస్’, ‘ర్యాక్’ మూడూ వినాలి. డెడ్‌లిఫ్ట్‌లో ‘డౌన్’ అన్నాకే దించు, బార్‌ని చేతుల్లోంచి వదిలేయకు. కొత్తవాళ్లు బలం చాలక కంటే తొందరపడే ఎక్కువ లిఫ్టులు పోగొట్టుకుంటారు.

ఇక అటెంప్టులు, ఒక్కో లిఫ్ట్‌కి మూడు. మొదటిది నిద్రలో లేపి అడిగినా మూడు రెప్స్ కొట్టే బరువు: 145, 85, 172.5. ఒక లిఫ్ట్‌లో మూడూ పోతే మూడు లిఫ్టులూ కలిపిన టోటలే ఉండదు, పైగా ఒక అటెంప్ట్ చేశాక అంతకంటే తక్కువ బరువు అడగనివ్వరు. రెండోది 155, 90, 185. మొదటిది చాలా కష్టంగా లేస్తే 2.5 కేజీలే పెంచుదాం. మూడోది ఇప్పుడే రాసుకోవద్దు. రెండోది లేచిన తీరు చూసి 160 అయినా, 165 అయినా అక్కడే తేలుస్తా. లిఫ్ట్ అయ్యాక ఒక్క నిమిషంలో తర్వాతి బరువు చెప్పాలి, లేచినా చెప్పకపోతే వాళ్లే 2.5 కలుపుతారు. అందుకే నువ్వు కుర్చీలో కూర్చో, టేబుల్ దగ్గరికి నేను పోతా.

నీ బరువు 75, కేటగిరీ 74. రాత్రి పరోటాలు మానేస్తే చాలు, మన ఎండల్లో నీళ్లు మానే పిచ్చి పని చేయకు. తూకం పోటీకి రెండు గంటల ముందు మొదలవుతుంది. దిగగానే ఇడ్లీ, అరటిపళ్లు, ఉప్పేసిన మజ్జిగ. చేపల పులుసు సంగతి డెడ్‌లిఫ్ట్ అయ్యాక చూద్దాం.

బెల్ట్, సింగ్లెట్, డెడ్‌లిఫ్ట్‌కి మోకాళ్ల దాకా సాక్సులు ఈ నెలలోనే కొనుక్కో. సోమవారం సాయంత్రం ఆరుకి స్క్వాట్, 120. నోట్‌బుక్ తెచ్చుకో.