గుంటూరు ప్రసంగంలో చూపిన వంశవృక్షంపై మా ప్రశ్నలు

గౌరవనీయులైన డాక్టర్ మేడమ్ గారికి,

నమస్కారం. ఆదివారం గుంటూరులో మీ ప్రసంగానికి బీఎస్సీ పిల్లలను తీసుకొచ్చిన విజయవాడ జువాలజీ లెక్చరర్‌ని. సమయం అయిపోవడంతో మా ప్రశ్నలు మిగిలిపోయాయి. తిరుగు రైల్లో కృష్ణా కెనాల్ దాటేదాకా పిల్లలు మీ పెడిగ్రీ చార్ట్ మీదే వాదించుకున్నారు. రాసి పంపమన్నారు కాబట్టి పంపుతున్నాను.

చార్ట్‌లో మేం గమనించింది ముందు చెబుతాను, పొరపాటుంటే దిద్దండి. పై తరంలో వినికిడి ఉన్న దంపతులు. వాళ్ల పిల్లల్లో ఇద్దరు అక్కలకూ, చివరి తమ్ముడికీ వినికిడి ఉంది, మధ్యలో ఒక అబ్బాయి పుట్టుకతో చెవిటి. ఆ అబ్బాయి పెద్దక్క కూతుర్నే చేసుకున్నాడు, అందుకే అక్కడ జంట గీత. వాళ్లకు ముగ్గురు పిల్లలు: ఇద్దరు మగపిల్లలకు వినికిడి లేదు, ఆడపిల్లకు ఉంది.

వినికిడి ఉన్న దంపతులకు చెవిటి బిడ్డ పుట్టాడు కాబట్టి ఇది రిసెసివ్ అన్నారు. అక్కడిదాకా పేచీ లేదు. తర్వాత, "తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది, కొడుక్కి తండ్రి ఎక్స్ క్రోమోజోమ్ రాదు, కనుక ఎక్స్‌తో సంబంధం లేదు" అన్నారు. మా అసలు సందేహం ఇక్కడే. కొడుకులకు ఎక్స్ తల్లి దగ్గర్నుంచి వస్తుంది. ఆ తల్లి పరాయి ఇంటి పిల్ల అయితే మీ మాట నిలుస్తుంది. కానీ ఈవిడ భర్తకు సొంత మేనకోడలు! అమ్మమ్మ క్యారియర్ అనుకుంటే, పెద్దక్క క్యారియర్ అయ్యే అవకాశం సగం, ఆమె కూతురికి పావు. తండ్రికి ఏ ఎక్స్ వల్ల చెవుడు వచ్చిందో అదే ఎక్స్ అక్క మీదుగా తిరిగి కొడుకులకు చేరవచ్చు కదా? మేనరికాలు ఇంత మామూలైన మన ప్రాంతంలో "తండ్రి-కొడుకు" సూత్రాన్ని కళ్లు మూసుకుని వాడవచ్చా?

మీ ముగింపు తప్పని నేననడం లేదు. చార్ట్ కుడి అంచున చిన్నక్క కూతురు, నింపిన వృత్తం ఒకటి ఉంది. మీరు దాని గురించి మాట్లాడలేదు. ఆ అమ్మాయి తండ్రికి వినికిడి ఉంది. ఎక్స్ రిసెసివ్ అయితే కూతురు చెవిటి కావాలంటే తండ్రి కూడా చెవిటివాడై ఉండాలి. ఎక్స్‌ని కొట్టిపారేసేది ఆ వృత్తమే అని నాకనిపిస్తోంది. మీరు కూడా లోపల అదే లెక్క వేసుకున్నారా, లేక జన్యు పరీక్షలో జీజేబీ2 మార్పు ముందే తెలిసి చార్ట్‌ని తర్వాత వివరించారా? రెండోదైతే పిల్లలకు అలా చెప్పడమే మంచిది. చార్ట్ ఎంతవరకు చెప్పింది, ల్యాబ్ ఎక్కడ అందుకుంది అన్నది వాళ్లకు తెలియాలి.

ఇంకో ప్రశ్న మా సెకండ్ ఇయర్ అమ్మాయిది. వినికిడి ఉన్న తోబుట్టువు క్యారియర్ అయ్యే అవకాశం మూడింట రెండు అన్నారు. చివరి తమ్ముడికి అది సరే: నాలుగు రకాల పిల్లల్లో చెవిటివాడు కాడని తెలిసింది కనుక మూడే మిగులుతాయి, అందులో రెండు క్యారియర్. కానీ ఆ ముగ్గురు పిల్లల్లోని ఆడపిల్లకు కూడా ఇదే లెక్కా అని అడుగుతోంది. తండ్రి దగ్గర రెండు కాపీలూ చెడ్డవే కదా, ఆమె కచ్చితంగా క్యారియర్ కావాలి. అలాగే ఆ దంపతులకు మరో బిడ్డ పుడితే ప్రమాదం పావు కాదు, సగం. స్లైడ్‌పై ఉన్న 25 శాతం ఏ జంటకు?

చివరగా పట్టిక సంగతి. ఇద్దరేసి పిల్లలున్న కుటుంబాలను కలిపితే సగం కంటే ఎక్కువమందికి చెవుడు కనిపించిందని, అది మేనరికం ప్రభావమని చెప్పారు. ఇక్కడ నేను ఒప్పుకోలేకపోతున్నాను. మేనరికం వల్ల ఇద్దరూ క్యారియర్లైన జంటలు ఎక్కువవుతాయి, నిజమే. ఒకసారి అలాంటి జంట అయ్యాక పావు వంతు పావు వంతే. ఆ కుటుంబాలు మీ దగ్గరికి ఎలా వచ్చాయి? కనీసం ఒక చెవిటి బిడ్డ ఉన్నవాళ్లే క్లినిక్‌కి వస్తారు. క్యారియర్ జంటలు 16 ఉంటే, సగటున 9 ఇళ్లలో ఎవరికీ సమస్య ఉండదు, వాళ్లు పట్టికలోకి రారు. మిగిలిన 7 ఇళ్లలో 14 మంది పిల్లలు, వారిలో 8 మందికి చెవుడు. అంటే 57 శాతం! మేనరికం ఊసే లేకుండా మీ అంకె వచ్చేసింది. ఈ సవరణ చేశారా?

పిల్లలు బోర్డు మీద గీసి చర్చించుకోవాలనుకుంటున్నారు. ఆ చార్ట్, పట్టిక కాపీ పంపగలిగితే సంతోషిస్తాం, కుటుంబం ఊరు, ఇంటిపేరు తీసేసి.

ఇట్లు,
మీ ప్రసంగం విన్న జువాలజీ లెక్చరర్, విద్యార్థులు
విజయవాడ