పీటీ-100 సెన్సార్ టీ-07 కాలిబ్రేషన్ నివేదిక: దిద్దుబాటు, మిగిలిన అనిశ్చితి

ఇంక్యుబేటర్‌లో వాడుతున్న టీ-07 అనే పీటీ-100 సెన్సార్‌ను 2025 మార్చి 13, 14 తేదీల్లో 0 °C నుంచి 50 °C వరకు రిఫరెన్స్ థర్మామీటర్‌తో పోల్చి కాలిబ్రేట్ చేశాను. ఆ పోలికలో వచ్చిన కొలతలు, వాటి నుంచి లెక్కించిన దిద్దుబాటు, దిద్దుబాటు వేసిన తర్వాత కూడా రీడింగ్‌లో మిగిలే అనిశ్చితి ఈ నివేదికలో ఉన్నాయి. కాలిబ్రేట్ అయింది సెన్సార్ ఒక్కటే కాదు. సెన్సార్, దానికి ఉన్న మూడు తీగల కేబుల్, డేటా లాగర్‌లోని 3వ ఛానెల్ కలిపి ఒకే వ్యవస్థగా కొలిచాను. అందువల్ల కేబుల్ మార్చినా, ఛానెల్ మార్చినా ఈ దిద్దుబాటు చెల్లదు.

వాడిన పరికరాలు

రిఫరెన్స్‌గా నాలుగు తీగల ప్లాటినం నిరోధక థర్మామీటర్‌ను, 0.001 °C వరకు చూపే దాని రీడౌట్‌ను వాడాను. దాని ధ్రువపత్రంలో ఐటీఎస్-90 స్కేలు ప్రకారం విలువలు, 0.020 °C విస్తృత అనిశ్చితి (k = 2) ఉన్నాయి. ధ్రువపత్రం వచ్చి ఏడు నెలలైంది కనుక, ఈలోగా ఆ థర్మామీటర్ రీడింగ్ కదిలిందో లేదో చూడకుండా దాన్ని నమ్మడం సరికాదనిపించి, పని మొదలుపెట్టే ముందు ఒకసారి, ముగిశాక ఒకసారి దాన్ని మంచు బిందువు వద్ద పరీక్షించాను. డిస్టిల్డ్ వాటర్‌తో చేసిన మంచును మెత్తగా పొడిచేసి, అదే నీటితో తడిపి, అడుగున చేరిన అదనపు నీటిని తీసేసి, మంచు గట్టిగా కూరిన ఫ్లాస్క్‌లో ఉంచినప్పుడు రిఫరెన్స్ మొదట 0.004 °C, చివర 0.006 °C చూపింది. రెండూ నేను డ్రిఫ్ట్ కోసం కేటాయించిన ±0.010 °C హద్దులోనే ఉన్నాయి.

టీ-07 ఐఈసీ 60751 ప్రకారం క్లాస్ బి సెన్సార్. 6 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న స్టీలు గొట్టంలో ఉంటుంది. లాగర్ 0.01 °C వరకు చూపుతుంది. నీరు, ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన ద్రవం ఉన్న, నిరంతరం కలియబెట్టే బాత్‌లో రెండు ప్రోబ్‌లనూ 15 మిల్లీమీటర్ల దూరంలో, కొనలు ఒకే మట్టంలో ఉండేలా 150 మిల్లీమీటర్ల లోతుకు ముంచాను.

పక్కన పెట్టిన మొదటి రీడింగులు

13వ తేదీన 10 °C వద్ద తీసిన మొదటి రీడింగులు ఈ లెక్కలో లేవు. బాత్ పూర్తిగా స్థిరపడి, రిఫరెన్స్ మూడో దశాంశ స్థానంలో మాత్రమే కదులుతున్న సమయంలో కూడా లాగర్ రీడింగ్ అప్పుడప్పుడు ఒక్కసారిగా 0.05 °C పెరిగి మళ్లీ దిగింది. కేబుల్‌ను వేలితో కొద్దిగా కదిపితే అదే గెంతు కనిపించింది. పీటీ-100లో ఒక డిగ్రీకి సుమారు 0.39 ఓమ్ మార్పు ఉంటుంది కాబట్టి 0.05 °C అంటే 0.02 ఓమ్ మాత్రమే. మూడు తీగల కనెక్షన్‌లో తీగల నిరోధం సమానంగా ఉందన్న నమ్మకం మీదే లాగర్ దాన్ని తీసివేస్తుంది. కనుక ఒక్క తీగ వద్ద అంత చిన్న తేడా వచ్చినా అది నేరుగా ఉష్ణోగ్రతగా కనిపిస్తుంది. ఛానెల్ వద్ద రెండో టెర్మినల్ స్క్రూ వదులై ఉందని తేలింది. మూడు తీగల కొనలనూ శుభ్రం చేసి, మూడు స్క్రూలనూ బిగించి, కేబుల్ కదిపినా రీడింగ్ మారడం లేదని నిర్ధారించుకున్న తర్వాత అన్ని బిందువులనూ మొదటి నుంచి తీశాను. ఈ లోపాన్ని వదిలేసి ఉంటే అది దిద్దుబాటులో కలిసిపోయి, తర్వాత ఎవరైనా స్క్రూ బిగించిన రోజున దిద్దుబాటే తప్పుగా మారేది.

కొలతలు

ప్రతి బిందువు వద్ద రిఫరెన్స్ పది నిమిషాల్లో 0.005 °C కంటే ఎక్కువ మారని స్థితి వచ్చాక, అర నిమిషానికి ఒకటి చొప్పున రెండు పరికరాల నుంచీ ఇరవై జతల రీడింగులు తీసుకున్నాను. కింది పట్టికలో వాటి సగటులు ఉన్నాయి. రిఫరెన్స్ విలువలకు దాని ధ్రువపత్రంలోని దిద్దుబాటు ముందే వేశాను. ఈ నివేదిక అంతటా దిద్దుబాటు అంటే రిఫరెన్స్ విలువలోంచి లాగర్ చూపిన విలువను తీసివేస్తే వచ్చేది. శేషం అంటే కొలిచిన దిద్దుబాటుకూ కింద ఇచ్చిన సరళరేఖకూ మధ్య మిగిలిన తేడా.

| రిఫరెన్స్ (°C) | లాగర్ (°C) | దిద్దుబాటు (°C) | శేషం (°C) |
|---|---|---|---|
| 0.014 | 0.226 | −0.212 | +0.004 |
| 10.008 | 10.262 | −0.254 | −0.007 |
| 20.011 | 20.287 | −0.276 | +0.002 |
| 30.006 | 30.313 | −0.307 | +0.002 |
| 40.009 | 40.355 | −0.346 | −0.006 |
| 50.012 | 50.379 | −0.367 | +0.004 |

50 °C వద్ద కొలత ముగిశాక బాత్‌ను చల్లబరిచి మళ్లీ 20 °C వద్ద ఆగినప్పుడు రిఫరెన్స్ 20.010 °C, లాగర్ 20.276 °C చూపాయి. అక్కడ దిద్దుబాటు −0.266 °C. ఈ బిందువును రేఖ లెక్కలో చేర్చలేదు. అది రేఖ నుంచి 0.012 °C దూరంలో ఉంది, ఆ తేడాను అనిశ్చితిలో లెక్కించాను.

50 °C వద్ద 0.37 °C తప్పు పెద్దదిగా కనిపించినా సెన్సార్ చెడిపోలేదు. క్లాస్ బి సెన్సార్‌కు ఆ ఉష్ణోగ్రత వద్ద ±0.55 °C వరకు అనుమతి ఉంది.

దిద్దుబాటు

ఆరు బిందువులకూ కనిష్ఠ వర్గాల పద్ధతిలో సరళరేఖను అమర్చగా వచ్చిన సూత్రం ఇది. ఇందులో `t_ind` లాగర్ చూపిన విలువ, `t_corr` దిద్దిన విలువ, రెండూ °Cలో.

```
t_corr = t_ind - 0.2157 - 0.00308 * t_ind
```

ఉదాహరణకు లాగర్ 36.42 °C చూపితే దిద్దుబాటు −0.328 °C అవుతుంది, దిద్దిన విలువ 36.09 °C. ఇక్కడ గుర్తు విషయంలో పొరపాటు జరగకూడదు. దిద్దుబాటును కలపవలసిన చోట తీసివేస్తే తప్పు పోకపోగా రెట్టింపై, 36.75 °C అన్న విలువ రికార్డులోకి చేరుతుంది. అందుకే సూత్రంలో రుణ గుర్తులను విడిగా పెట్టకుండా నేరుగా రాశాను.

వక్రరేఖ ఇంకా బాగా సరిపోతుందేమోనని వర్గ పదాన్ని కూడా చేర్చి చూశాను. శేషాల ప్రామాణిక విచలనం 0.0056 °C నుంచి తగ్గాల్సింది పోయి 0.0060 °Cకు పెరిగింది. అంటే అదనపు పదం సెన్సార్ స్వభావాన్ని కాక కొలతల్లోని చిన్న చెదురును వెంబడిస్తోంది. కాబట్టి సరళరేఖతోనే ఆగాను. ఈ సూత్రం లాగర్ రీడింగ్ 0 °C నుంచి 50 °C వరకు ఉన్నప్పుడే వర్తిస్తుంది. ఆ హద్దు దాటి రేఖను పొడిగించకూడదు.

మిగిలిన అనిశ్చితి

అనిశ్చితిలో అతి పెద్ద వాటా రిఫరెన్స్ థర్మామీటర్‌దే. ధ్రువపత్రంలోని 0.020 °Cను రెండుతో భాగిస్తే ప్రామాణిక అనిశ్చితి 0.010 °C వస్తుంది. దాని డ్రిఫ్ట్‌కు ఇచ్చిన ±0.010 °C హద్దును దీర్ఘచతురస్ర వితరణగా తీసుకుని √3తో భాగిస్తే 0.0058 °C అవుతుంది.

బాత్‌లో అన్ని చోట్లా ఉష్ణోగ్రత ఒకేలా ఉండదు. రెండు ప్రోబ్‌ల స్థానాలను మార్చి చూసినప్పుడు కనిపించిన అత్యధిక తేడా 0.012 °C. దాన్నే హద్దుగా తీసుకుంటే 0.0069 °C. చల్లబరిచేటప్పుడు 20 °C వద్ద కనిపించిన 0.012 °C తేడాకు కూడా అంతే, 0.0069 °C. ఇంక్యుబేటర్‌లో ఉష్ణోగ్రత పెరుగుతూ వచ్చిందా తగ్గుతూ వచ్చిందా అన్నది రీడింగ్ చూసేవారికి తెలియదు, కనుక ఆ తేడాను సగం చేయకుండా పూర్తిగా ఉంచాను.

పునరావృతత గురించి కొంత వివరించాలి. ఇరవై రీడింగుల ప్రామాణిక విచలనం 0.008 °C. మామూలుగా దాన్ని √20తో భాగిస్తారు. అయితే బాత్ నెమ్మదిగా ఊగుతున్నప్పుడు అర నిమిషం తేడాతో తీసిన రీడింగులు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి, అవి ఇరవై స్వతంత్ర సాక్ష్యాలు కావు. రీడింగుల గ్రాఫ్ చూస్తే ఊగు ఒక విడతకు సుమారు రెండున్నర నిమిషాలు పడుతోంది. అంటే పది నిమిషాల్లో స్వతంత్రమైనవి నాలుగే అని లెక్క. అందువల్ల √4తో భాగించి 0.0040 °C తీసుకున్నాను.

రేఖ చుట్టూ శేషాల చెదురు 0.0056 °C. 50 °C వద్ద ప్రోబ్‌ను 30 మిల్లీమీటర్లు పైకి లాగినప్పుడు రీడింగ్ 0.006 °C మారింది. గొట్టం వెంట బయటికి పోయే వేడికి ఇది కొలత కనుక దానికి 0.0035 °C వేశాను. లాగర్ చివరి అంకెకు 0.0029 °C. రిఫరెన్స్ రీడౌట్ చివరి అంకె ప్రభావం 0.0003 °C మాత్రమే, మొత్తాన్ని అది మార్చదు.

ఈ అంశాలన్నిటి వర్గాల మొత్తానికి వర్గమూలం తీస్తే సంయుక్త ప్రామాణిక అనిశ్చితి 0.0172 °C వస్తుంది. k = 2తో గుణించి, పైకి సవరించి, దిద్దిన రీడింగ్ విస్తృత అనిశ్చితిని ±0.035 °Cగా ప్రకటిస్తున్నాను. దీని కవరేజ్ సుమారు 95 శాతం. పై ఉదాహరణలోని రీడింగ్‌ను 36.09 °C ± 0.035 °C అని రాయాలి.

ఈ సంఖ్యలో లేనివి

±0.035 °C కాలిబ్రేషన్ రోజు నాటి వ్యవస్థకు, కలియబెట్టిన ద్రవంలో చేసిన కొలతకు చెందినది. ఇంక్యుబేటర్‌లో సెన్సార్ చుట్టూ ఉండేది గాలి. లాగర్ పంపే 1 మిల్లీఆంపియర్ కరెంటు 100 ఓమ్‌లలో 0.1 మిల్లీవాట్ వేడిని పుట్టిస్తుంది. ద్రవం ఆ వేడిని వెంటనే లాగేసుకుంటుంది, నిశ్చలమైన గాలి అంత త్వరగా తీసుకోదు. ఈ స్వీయ తాపనం తేడాను, ఇంక్యుబేటర్ అరల మధ్య ఉష్ణోగ్రత తేడాలను, రాబోయే నెలల్లో సెన్సార్‌లో వచ్చే డ్రిఫ్ట్‌ను వాడేవారు విడిగా అంచనా వేసి ఈ అనిశ్చితికి వర్గాల పద్ధతిలోనే కలపాలి. వీటిని కలపకుండా ±0.035 °Cను ఇంక్యుబేటర్ గాలి ఉష్ణోగ్రత అనిశ్చితిగా రికార్డుల్లో రాయకూడదు.

తర్వాతి కాలిబ్రేషన్ 2026 మార్చిలో జరగాలి. ఈలోగా మూడు నెలలకొకసారి టీ-07ను ఇదే కేబుల్‌తో, ఇదే ఛానెల్‌లో మంచు బిందువు వద్ద ఉంచి చూడాలి. అక్కడ లాగర్ 0.22 °C చూపాలి. అది 0.17 °C కంటే తగ్గినా 0.27 °C కంటే పెరిగినా ముందు టెర్మినల్ స్క్రూలు పరీక్షించాలి. బిగించినా తేడా అలాగే ఉంటే ఈ దిద్దుబాటు వాడకం ఆపి, సెన్సార్‌ను మళ్లీ కాలిబ్రేషన్‌కు పంపాలి.