తరిగొండమ్మ ఏ పేజీలో ఉండాలి?

విజయనగరంలో సంగీతం గురించి ఎవరిని కదిపినా నాలుగు పేర్లు వరసగా వస్తాయి. 1919లో మొదలైన సంగీత కళాశాల, దానికి మొదటి ప్రిన్సిపాల్‌గా చేసిన ఆదిభట్ల నారాయణదాసు, ఫిడేలుతో ఊరికి పేరు తెచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు, అక్కడ చదువుకున్న ఘంటసాల. ఆడవాళ్లలో ఎవరని అడిగితే తడుముకోకుండా పి. సుశీల అంటారు. ఆమె ఈ ఊరి మనిషే, ఆ కళాశాల విద్యార్థినే. కానీ ‘పాడినవాళ్లు కాదండీ, పాట కట్టిన ఆడవాళ్ల పేర్లు చెప్పండి’ అని నేను అడిగిన పదిమందిలో ఇద్దరు మొల్ల అన్నారు. మొల్ల పాటలు కట్టలేదు, రామాయణం రాసింది. మిగిలినవాళ్లు నా వైపు జాలిగా చూశారు.

ఆడవాళ్లు పాటలు కట్టలేదు కాబట్టి చరిత్రలో లేరనేది చాలామంది నమ్మకం. నా వాదన వేరు. వాళ్లు కట్టారు, ఆ పాటలు నిలిచాయి కూడా. కాకపోతే చరిత్ర రాసేటప్పుడు వాళ్లని వేరే అరల్లో సర్దారు. ఒకామెను భక్తురాలన్నారు, ఒకామెను కవయిత్రి అన్నారు, ఇంకొకామెను ఫలానావారి భార్య అన్నారు. పాటా బాణీ రెండూ తామే కట్టే వాగ్గేయకారుల అర మాత్రం మగవాళ్లకే మిగిలింది.

తరిగొండ వెంగమాంబనే తీసుకుందాం. 1730లో పుట్టింది, 1817లో పోయింది. చిన్నతనంలోనే భర్త పోతే, జుట్టు తీయించుకోవడానికి ఒప్పుకోలేదు. తిరుమల చేరి బతుకంతా అక్కడే గడిపింది. శివనాటకం, గోపీనాటకం, చెంచునాటకం, విష్ణుపారిజాతం, ముక్తికాంతావిలాసం ఆమె యక్షగానాల్లో కొన్ని. ద్విపద భాగవతం, వేంకటాచల మాహాత్మ్యం సరేసరి. తిరుమలలో రాత్రి ఏకాంతసేవ వేళ ఈనాటికీ ఆమె పేరున ముత్యాల హారతి జరుగుతుంది. తాళ్ళపాకవారి లాలి, తరిగొండమ్మ హారతి అని జంటగానే చెప్పుకుంటారు జనం. గుడిలో ఇద్దరికీ చోటుంది. సంగీత చరిత్ర దగ్గరికొచ్చేసరికి అన్నమయ్య పదకవితా పితామహుడు, వెంగమాంబ మహా భక్తురాలు. భక్తిలో అన్నమయ్యేమీ తక్కువవాడు కాదే! ఆయన భక్తి ఆయన సంగీతానికి అడ్డం రాలేదు. ఈమె భక్తి మాత్రం ఈమె యక్షగానాల మీద దుప్పటిలా కప్పుకుంది.

ఈ మాట మా మాస్టారితో అంటే ఆయన వెంటనే, ‘అది సరేనమ్మా, వాళ్ల బాణీలేవీ మరి? సాహిత్యం ఉంటే కవయిత్రి అవుతుంది గానీ వాగ్గేయకారిణి ఎలా అవుతుంది?’ అన్నారు. గట్టి ప్రశ్న. రెండు రోజులు నాకు జవాబు తట్టలేదు. తట్టాక మాత్రం ఈ వ్యాసానికి అదే వెన్నెముక అయింది.

అన్నమయ్య బాణీలేవి? తిరుమల సంకీర్తన భాండారంలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. స్వరం లేదు. ఇవాళ మనం కచేరీల్లో వింటున్న అన్నమయ్య కీర్తనల్లో ఎక్కువ భాగానికి స్వరం కూర్చింది ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, బాలమురళీకృష్ణ, ఆ తర్వాత గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటివాళ్లు. అంటే 1503లో పోయిన మనిషి పాటకి నాలుగు వందల ఏళ్ల తర్వాత వేరొకరు బాణీ కట్టినా, ఆయన వాగ్గేయకారుడే. అందులో నాకు అభ్యంతరం లేదు, ఆ గౌరవం ఆయనకి దక్కాల్సిందే. నేనడిగేది ఒకటే: బాణీ పోయిందన్న కారణం అన్నమయ్యని బయటికి పంపనప్పుడు, వెంగమాంబని ఎలా పంపుతుంది? స్వరపరిచే శ్రమ ఆయన పాటల మీద పెట్టినంత ఈమె పాటల మీద పెట్టలేదు. శ్రమ ఎక్కడ పెట్టామో అక్కడ సంగీతం పుట్టింది, తర్వాత ఆ సంగీతాన్నే చూపించి ‘చూడండి, గొప్పదంతా ఇక్కడే ఉంది’ అంటున్నాం.

అన్నమయ్య ఇంట్లోనే ఇంకొక ఉదాహరణ ఉంది. ఆయన భార్య తిమ్మక్క సుభద్రాకల్యాణం రాసింది. మంజరీ ద్విపద, ఆడవాళ్లు పాడుకోడానికి వీలైన నడక. సాహిత్య చరిత్రకారులు ఆమెను తొలి తెలుగు కవయిత్రి అంటారు. సంగీత చరిత్రలో ఆమెకి దక్కింది ‘అన్నమాచార్యుల సతీమణి’ అనే ఒక్క మాట.

రంగాజమ్మ సంగతి ఇంకా స్పష్టం. పదిహేడో శతాబ్దంలో తంజావూరు విజయరాఘవ నాయకుని ఆస్థానంలో ఉండి మన్నారుదాస విలాసం యక్షగానంగా రాసింది. యక్షగానం చదువుకునేది కాదు. దరువు, ద్విపద, ఆట కలిసిన రంగస్థల సంగీతం. విజయరాఘవుడు కూడా యక్షగానాలు రాశాడు. ఇద్దరిదీ ఒకే కొలువు, ఒకే ప్రక్రియ. ఆయనది రాజపోషణ కిందా, సంగీత వికాసం కిందా చెప్పుకుంటాం. ఆమె పేరు వచ్చేసరికి ముందు ‘రాజుగారి ప్రియురాలు’ అంటాం, తర్వాత తీరికుంటే రచన గురించి చెప్తాం.

ముద్దుపళని దగ్గర నా వాదనని నేనే కొంచెం తగ్గించుకోవాలి. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని కొలువులో ఉన్న ఆమె రాధికా సాంత్వనం శృంగార ప్రబంధం, పద్యకావ్యం. దాన్ని పట్టుకొని ఆమెను త్యాగరాజు పక్కన కూర్చోబెట్టమంటే అది మొండివాదమే. కానీ ఆ పుస్తకానికి జరిగినదాన్ని సంగీత చరిత్ర వదిలేయకూడదు. దాన్ని 1910లో పరిష్కరించి వేయించింది గాయని బెంగుళూరు నాగరత్నమ్మ. అంతకుముందు వీరేశలింగం పంతులుగారు ఆ కావ్యంలోని శృంగారాన్ని తప్పుపట్టారు. ఆడది రాయకూడని రాతలన్నది ఆయన ధోరణి. మగవాళ్ల శృంగార కావ్యాల మాటేమిటని నాగరత్నమ్మ తిరిగి అడిగింది. మరుసటి ఏడే ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1947లో గానీ పోలేదు.

ఇదే నాగరత్నమ్మ 1920ల్లో తన సొమ్ము పెట్టి తిరువయ్యారులో త్యాగరాజు సమాధి దగ్గర గుడి కట్టించింది. గుడి కట్టించిన మనిషికి అక్కడి ఆరాధనలో పాడే హక్కు లేదు, ఆడవాళ్లు పాడకూడదన్నారు. ఆమె ఊరుకోలేదు. ఆడవాళ్లందరినీ కూడగట్టి వేరే ఆరాధన నడిపింది. 1940లో గానీ అక్కడ ఆరాధనలు నడిపే వర్గాలన్నీ ఒక్కటి కాలేదు. ఒకే మనిషి ఇద్దరి రచయితల కోసం చేతిలో డబ్బు, పేరు ఒడ్డింది. ఒకరి సమాధి ఏటా వేలమంది చేరే యాత్రాస్థలం అయింది, ఇంకొకరి పుస్తకాన్ని పోలీసులు వెతికారు. ప్రామాణికం అనే మాట ఆకాశం నుంచి ఊడిపడదు. గుళ్లు, అచ్చు, ఆరాధనలు, శిష్యులు, సర్కారు, వీటన్నిటి మధ్య తయారవుతుంది. ఆ తయారీలో ఆడవాళ్ల చేయి ఉంది, ఫలంలో వాటా లేదు.

ఇది మనకే పట్టిన జాడ్యమేమీ కాదు. జర్మనీలో ఫానీ హెన్సెల్ 1805లో పుట్టింది, పేరున్న స్వరకర్త ఫెలిక్స్ మెండెల్సన్‌కి అక్క. ఇద్దరికీ ఒకే గురువు. పద్నాలుగేళ్లు వచ్చేసరికి తండ్రి ఆమెకి ఉత్తరం రాశాడు. సంగీతం తమ్ముడికి వృత్తి కావచ్చు గానీ నీకు అలంకారం మాత్రమేనని దాని సారాంశం. ఆమె రచనలు నాలుగు వందల పైచిలుకు. వాటిలో ఆరు పాటలు తమ్ముడి పేరుతోనే అచ్చయ్యాయి. 1842లో విక్టోరియా రాణి ఫెలిక్స్ ముందు తనకిష్టమైన పాట ఒకటి పాడితే, అది మా అక్క కట్టిందని ఆయన ఒప్పుకోక తప్పలేదు. 1828లో ఆమె రాసిన ఈస్టర్ సొనాటా అనే పియానో రచన సంగతైతే మరీ ఘోరం. నూట నలభై ఏళ్ల తర్వాత దొరికినా తమ్ముడిదే అనుకొని రికార్డు చేశారు. చేతిరాత సరిపోల్చి అది అక్కదేనని తేల్చాక, 2012లో గానీ ఆమె పేరుతో కచేరీలో వినిపించలేదు. నాణ్యత లేదు కాబట్టే మరుగున పడ్డాయి అనేవాళ్లకి నేను ఈ సొనాటానే చూపిస్తాను. మెండెల్సన్ పేరు పక్కన నిలబడగలిగిన సంగీతం, అక్క పేరు పక్కన ఎలా పలచబడుతుంది?

మళ్లీ మన జిల్లాకి వస్తాను. మా అమ్మమ్మది గరివిడి దగ్గర పల్లె. ఆవిడ దగ్గర అట్ట ఊడిపోయిన నోటుబుక్కు ఒకటుండేది, నిండా మంగళహారతులు. కొన్ని వాళ్లమ్మ కట్టినవి, కొన్ని తను కట్టినవి. ఏది ఎవరిదని అడిగితే ‘ఏదైతేనేటే, అమ్మవారిదే కదా’ అనేది. ఒక్కదాన్లోనూ ముద్ర లేదు. త్యాగరాజుకి చివరి చరణంలో సంతకం ఉంది, క్షేత్రయ్యకి మువ్వగోపాల ఉంది. పాట గుమ్మం దాటి బయటికి వెళ్తుంది, అడిగితే ఎవరిదో చెప్పాలి అనుకున్నవాళ్లకే ముద్ర అవసరం. హారతి పళ్లెం చుట్టూ, ఉభాల వేళ మడిలో వరినాట్లు వేస్తూ పాడుకునేవాళ్లకి పాట ఎవరిదో అందరికీ తెలుసు, ఆ తరం పోయేదాకా. అందుకే జానపదం అని మనం ఒక్క మూటగా కట్టేసిన పాటల వెనక ఎంతమంది పాట కట్టినవాళ్లున్నారో లెక్క తేలదు. వాళ్లందరినీ ప్రామాణిక వరుసలోకి తేవడం ఎవరి తరమూ కాదు, నేనూ అడగను. పేరు, కాలం, రచన మూడూ తెలిసి కూడా బయటుంచినవాళ్ల గురించే నా పట్టు.

అలా అని ‘మహిళా వాగ్గేయకారులు’ అని పుస్తకం చివర ఒక అధ్యాయం చేర్చితే సరిపోతుందా? నా మటుకు నాకు అది వద్దు. పరీక్షకి ముందు రోజు అందరూ వదిలేసే అధ్యాయం అదే అవుతుంది. పెళ్లిభోజనంలో ఆడవాళ్ల పంక్తి ఆఖరున వేసినట్టుంటుంది. రంగాజమ్మ యక్షగానం పాఠంలోనే విజయరాఘవుడి పక్కన రావాలి. నాగరత్నమ్మ త్యాగరాజు పాఠంలోనే రావాలి, ఎందుకంటే ఆమె లేకుండా ఆ ఆరాధన కథ చెప్పడం కుదరదు. తిమ్మక్క ద్విపద గురించి మాట్లాడే చోట రావాలి. ఇక వెంగమాంబ. త్యాగరాజు 1767లో పుట్టేనాటికి ఆమెకి ముప్పై ఏడేళ్లు. కాలక్రమంలో రాసే పుస్తకమైతే, ఆయన పాఠానికి ముందు పేజీ ఆమెది.