గాజువాక ఆటోనగర్–మింది లింకు రోడ్డు (0.000–3.600 కి.మీ.): పేవ్‌మెంట్ డిజైన్ నివేదిక

1. ఈ నివేదిక ఎందుకు

గాజువాక ఆటోనగర్ నుంచి మింది వైపు వెళ్లే ఈ 3.6 కిలోమీటర్ల రెండు వరుసల రోడ్డును పూర్తిగా తవ్వి కొత్తగా వేయాలన్నది ప్రతిపాదన. ప్రాథమిక అంచనాలో తారు పొరలకు 115 మి.మీ. (40 బీసీ, 75 డీబీఎం) చూపారు. మా లెక్కలో అది 155 మి.మీ. అయింది. 2.400 నుంచి 3.300 కి.మీ. వరకు ఉన్న పల్లపు భాగంలో అంచనాలో లేని మట్టిపని కూడా చేరింది. ఖర్చు పెరుగుతున్నందున ప్రతి పొర మందానికీ కారణం రాసి ఇస్తున్నాం.

డిజైన్ ఐఆర్‌సీ:37-2018 ప్రకారం చేశాం. నగర రోడ్డు కాబట్టి డిజైన్ కాలం 20 ఏళ్లు, విశ్వసనీయత 90 శాతం.

2. ట్రాఫిక్

లెక్కింపు 7 రోజులు, రోజుకు 24 గంటలు సాగింది. మొత్తం బరువు 3 టన్నులు, అంతకు మించిన వాణిజ్య వాహనాలనే తీసుకున్నాం. ఆటోలు, కార్లు, బైకులు రోడ్డు వెడల్పును నిర్ణయించడానికి పనికొస్తాయి గానీ మందం విషయంలో వాటి ప్రభావం లేనట్టే.

| వాహనం | రోజు సగటు (రెండు దిశలు కలిపి) | బరువు దిశలో వీడీఎఫ్ |
|---|---|---|
| చిన్న సరుకు వాహనాలు | 312 | 0.4 |
| బస్సులు | 168 | 0.9 |
| రెండు ఇరుసుల లారీలు | 346 | 4.8 |
| మూడు ఇరుసుల లారీలు | 274 | 7.6 |
| నాలుగు, అంతకు మించిన ఇరుసులవి | 188 | 10.2 |
| మొత్తం | 1288 | 4.6 (సగటు) |

ప్రాథమిక అంచనాకు ఆధారం పగటి 12 గంటల లెక్క. అందులో వచ్చిన 610 వాహనాలనే రోజు మొత్తానికి తీసుకున్నారు. కానీ ఈ దారి రాత్రి మేలుకునే దారి. మా లెక్కలో 53 శాతం వాహనాలు రాత్రి 12 గంటల్లోనే వెళ్లాయి, అందులోనూ బరువు లారీలే ఎక్కువ. మందం తేడాకు మొదటి కారణం ఇదే.

రెండో కారణం బరువు. ఇరుసు బరువుల సర్వేలో 292 వాహనాలను తూచాం. రోజుకు 3000 లోపు వాణిజ్య వాహనాలు తిరిగే రోడ్డుకు 20 శాతం నమూనా కావాలి, అంటే ఇక్కడ 258. మింది వైపు నుంచి జాతీయ రహదారి 16కు వచ్చే దిశలో లారీలు నిండుగా వస్తున్నాయి, తిరుగు దారిలో చాలావరకు ఖాళీగా వెళ్తున్నాయి. నిండు దిశలో సగటు వీడీఎఫ్ 4.6 ఉంటే ఖాళీ దిశలో 1.3 మాత్రమే. రెండింటి సగటు 2.95 కాగితం మీద సౌకర్యంగా కనిపిస్తుంది, కానీ ఆ సగటు బరువుతో నడిచే లారీ ఈ రోడ్డు మీద ఏ వైపునా లేదు. సగటు తీసుకుంటే ఒక పక్క నిక్షేపంగా ఉండి, రెండో పక్క పగిలిపోతుంది. అందుకే బరువు దిశ విలువ 4.6 వాడాం. తూచకుండా మార్గదర్శక విలువ 3.9 తీసుకున్నా తక్కువే అయ్యేది.

ఇరుసు నష్టం బరువుకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 80 కిలోన్యూటన్ల ప్రామాణిక ఇరుసు మీద పాతిక శాతం ఎక్కువ బరువు వేస్తే నష్టం 2.4 రెట్లు. లారీల సంఖ్య కంటే వాటి బరువు మీద మేము ఇంతగా పట్టుబట్టడానికి కారణం అదే.

వార్షిక వృద్ధి 5 శాతం. లెక్కింపు నుంచి రోడ్డు తెరిచేదాకా 2 ఏళ్లు పడుతుందనుకుంటే తొలి ఏడాది రోజుకు 1420 వాహనాలు. రెండు వరుసల ఒకే రోడ్డు కాబట్టి వరుస పంపిణీ గుణకం 0.5.

```
N = 365 × [(1+r)^n − 1]/r × A × D × F
  = 365 × 33.066 × 1420 × 0.5 × 4.6
  = 39.4 × 10^6
```

డిజైన్ ట్రాఫిక్‌ను 40 ఎంఎస్‌ఏగా, అంటే 4 కోట్ల ప్రామాణిక ఇరుసులుగా తీసుకున్నాం. ఇదే సూత్రంలో అంచనాకు వాడిన 610 వాహనాలు, 3.9 వీడీఎఫ్ వేస్తే దాదాపు 16 ఎంఎస్‌ఏ వస్తుంది. 115 మి.మీ. మందం ఆ లెక్కకు సరిగానే సరిపోతుంది. మందం కట్టిన పద్ధతిలో తప్పు లేదు, అందులోకి వెళ్లిన ట్రాఫిక్ లెక్కే చిన్నది.

3. పునాది మట్టి

300 మీటర్లకు ఒకటి చొప్పున 12 గుంతలు తవ్వి, భారీ కుదింపు సాంద్రతలో 97 శాతానికి కుదించిన నమూనాలను 4 రోజులు నీళ్లలో నానబెట్టి సీబీఆర్ చూశాం. విశాఖకు నైరుతి వాన, ఈశాన్య వాన రెండూ తగులుతాయి, పైన తుపాన్లు. ఇక్కడ నానని మట్టి బలాన్ని లెక్కలోకి తీసుకోవడం మాకు సమ్మతం కాదు.

ఎర్ర గ్రావెల్ మట్టి భాగంలో (0.000–2.400, 3.300–3.600 కి.మీ.) తొమ్మిది విలువలు వచ్చాయి: 7.1, 7.6, 7.9, 8.2, 8.4, 8.8, 9.3, 9.7, 10.4 శాతం. ట్రాఫిక్ 20 ఎంఎస్‌ఏ దాటింది కాబట్టి నూటికి 90 నమూనాలు అందుకునే విలువ తీసుకోవాలి. అది 7.5 శాతం. సగటు 8.6 తీసుకుంటే దాదాపు సగం రోడ్డు డిజైన్ కంటే బలహీనమైన మట్టి మీద నిలబడుతుంది.

```
MRS = 17.6 × CBR^0.64 = 17.6 × 7.5^0.64 ≈ 64 MPa
```

మిగతా 900 మీటర్ల కథ వేరు. అక్కడ నల్లటి మెత్తని బంకమట్టి, తీరం వెంట కనిపించే సముద్రపు బంక. మూడు గుంతల్లో సీబీఆర్ 1.8, 2.1, 2.3. ద్రవ పరిమితి 68 శాతం, స్వేచ్ఛా ఉబ్బు సూచిక 65 శాతం. ఇది రోడ్డు కింద 500 మి.మీ.లో ఉండదగిన మట్టి కాదు. బంక మందం 2.5 నుంచి 3.2 మీటర్లు. నవంబరులో తవ్విన గుంతల్లో నీరు 0.9 మీటర్ల లోతులోనే కనిపించింది.

ఈ భాగంలో తారు మందం పెంచితే సరిపోదా అన్న ప్రశ్న వస్తుంది. సరిపోదు. తారు పైనుంచి దిగే బరువును పంచుతుంది, కింద మట్టి ఉబ్బడాన్నీ కుంగడాన్నీ ఆపలేదు. ఆ డబ్బు మట్టిపనికి పెట్టాలి. కనీసం 12 శాతం సీబీఆర్ ఉన్న గ్రావెల్‌ను బంక మీద 500 మి.మీ. వేస్తే సమాన మాడ్యులస్ దాదాపు 57 ఎంపీఏ వస్తోంది, మనకు కావలసిన 64కు చాలదు. 1000 మి.మీ. వేస్తే దాదాపు 68. కాబట్టి 1000 మి.మీ. వేయాలి. అప్పుడు రోడ్డు పొడవునా ఒకే పొరల మందం పనికొస్తుంది, మేస్త్రీకి మధ్యలో మార్పులు ఉండవు.

ఇక్కడ పక్కన దుకాణాలు లేవు, ఖాళీ స్థలమే. కాబట్టి రోడ్డు మట్టాన్ని 1.2 మీటర్లు పెంచి, బంకను 400 మి.మీ. వరకే తవ్వాలని సిఫారసు. సబ్‌గ్రేడ్ పైభాగం నీటి మట్టానికి దాదాపు 1.5 మీటర్ల ఎత్తున ఉంటుంది. గ్రావెల్ కింద జియోటెక్స్‌టైల్ పరచాలి, లేకపోతే బంక పైకి, గ్రావెల్ కిందికి కలిసిపోతాయి. కట్ట వేశాక సెటిల్‌మెంట్ ప్లేట్లు పెట్టి కనీసం 90 రోజులు చూడాలి. కుంగడం నిలకడకు రాకముందే తారు వేస్తే తొలి వానకే అలలు తేలతాయి. పనుల కార్యక్రమంలో ఈ భాగాన్ని మొదట మొదలుపెట్టడం తప్పనిసరి.

4. కంకర పొరలు

జీఎస్‌బీ 200 మి.మీ., దాని మీద డబ్ల్యూఎంఎం 250 మి.మీ. జీఎస్‌బీ రెండు పొరలు: కింది 100 మి.మీ. మట్టి సన్నరేణువులను పైకి రానివ్వని వడపోత పొర, పై 100 మి.మీ. నీటిని పక్కకు పంపే పొర. ఈ పై పొరను షోల్డర్ల కింద నుంచి పక్క కాలువ దాకా తీసుకెళ్లాలి. మధ్యలో మట్టి గోడతో మూసేస్తే ఎంత మంచి కంకర వేసినా స్నానాల తొట్టె కట్టినట్టే, నీరు అందులోనే నిలుస్తుంది. పాత రోడ్డు తవ్వినప్పుడు చాలాచోట్ల కనిపించింది ఇదే.

```
MR_gran = 0.2 × h^0.45 × MRS = 0.2 × 450^0.45 × 64 ≈ 200 MPa
```

కంకరకు చార్నొకైట్ లేదా గ్రానైట్ రాయే వాడాలి. మన కొండల్లో విరివిగా దొరికే ఖొండలైట్ తొందరగా చివికిపోతుంది. దగ్గరలో దొరుకుతుందని దాన్ని ఒప్పుకోకూడదు.

5. తారు పొరలు

వీజీ-40 తారు, 35 డిగ్రీల వద్ద మాడ్యులస్ 3000 ఎంపీఏ. 40 ఎంఎస్‌ఏకు తారు పొర అడుగున అనుమతించే సాగుడు వికారం 188 మైక్రోస్ట్రెయిన్, సబ్‌గ్రేడ్ పైన అనుమతించే నొక్కుడు వికారం 390. ఐఐటీపేవ్‌లో మందాలు మార్చి చూసిన ఫలితాలు ఇవి:

| తారు పొరల మొత్తం (మి.మీ.) | అడుగున సాగుడు | సబ్‌గ్రేడ్ మీద నొక్కుడు | పగుళ్లు వచ్చేదాకా తట్టే ట్రాఫిక్ |
|---|---|---|---|
| 115 | 236 | 366 | 17 ఎంఎస్‌ఏ |
| 140 | 197 | 324 | 34 ఎంఎస్‌ఏ |
| 155 | 179 | 305 | 49 ఎంఎస్‌ఏ |

చక్రాల గాడి విషయంలో మూడూ నెగ్గుతాయి. నిర్ణయించేది అడుగు నుంచి పైకి పాకే పగుళ్లే. 115 మి.మీ. వేస్తే ఈ ట్రాఫిక్‌కు పదకొండో ఏటికే దాని ఆయుష్షు తీరుతుంది. 150 మి.మీ. కూడా లెక్కకు ఆనుతుంది, కానీ మిగులు చాలా తక్కువ. పొర వేయడంలో వచ్చే హెచ్చుతగ్గులకు చోటు ఉండాలని 155 ఖాయం చేశాం: 40 మి.మీ. బీసీ, దాని కింద 55, 60 మి.మీ.గా రెండు విడతల డీబీఎం రెండో గ్రేడింగు.

పై అంకెల్లో ఒక షరతు దాగి ఉంది. అడుగు డీబీఎంలో గాలి ఖాళీలు 3.5 శాతం, ప్రభావవంతమైన తారు ఘనపరిమాణం 11.5 శాతం ఉంటాయని లెక్క.

```
Nf = 0.5161 × C × 10^-4 × (1/εt)^3.89 × (1/MRm)^0.854
C  = 10^M,  M = 4.84 × [Vbe/(Va+Vbe) − 0.69]
```

ఆ మిశ్రమానికి C విలువ 2.35. గాలి ఖాళీలు 4.5, తారు 10.5 శాతం అయితే C 1.12కు పడిపోతుంది, అదే 155 మి.మీ. పొర 49 బదులు 23 ఎంఎస్‌ఏ మాత్రమే తట్టగలదు. మందం కొలతల్లో ఒక్క మిల్లీమీటరు తగ్గకుండా, సగం ఆయుష్షు పోగొట్టుకోవచ్చన్నమాట. అందుకని కింది 60 మి.మీ. డీబీఎంకు విడిగా మిశ్రమ డిజైన్ ఆమోదించి, వేసిన ప్రతి రోజూ కోర్ తీసి ఖాళీలు చూడాలని కోరుతున్నాం. బిల్లులో మందం ఒక్కటే కొలిచే అలవాటు ఈ పనికి చాలదు.

6. ఖాయం చేసిన పొరలు

బీసీ 40, డీబీఎం 115, డబ్ల్యూఎంఎం 250, జీఎస్‌బీ 200, మొత్తం 605 మి.మీ. దాని కింద ఎర్రమట్టి భాగంలో మళ్లీ కుదించిన 500 మి.మీ. సబ్‌గ్రేడ్, బంక భాగంలో 1000 మి.మీ. గ్రావెల్. అడ్డవాలు 2.5 శాతం.

ఆటోనగర్ దుకాణాల గడపలు పాత రోడ్డుకు సమానంగా ఉన్నాయి. అక్కడ మట్టం పెంచితే వాననీరు షెడ్లలోకి పోతుంది. కాబట్టి 0.000–2.400 కి.మీ.లో పాత పొరలు తీసేసి పాత మట్టానికే కొత్తవి వేయాలి. గోకి తీసిన తారు ముక్కలను షోల్డర్లకు వాడుకోవచ్చు. వాటిని ప్రధాన పొరల బలంలో లెక్కించలేదు.

1.100 కి.మీ. దగ్గర వేబ్రిడ్జి ముందు లారీలు వరుసగా ఆగి నిలబడతాయి. నిలిచిన బరువు కింద, ఎండకు మెత్తబడిన తారు జరుగుతుంది. ఆ 120 మీటర్లకు కాంక్రీటు పలకల డ్రాయింగు విడిగా ఇస్తాం. రోడ్డు మొత్తానికీ కాంక్రీటు వేయకపోవడానికి కారణం కింద ఉన్న నీటి పైపులు: వాటిని మార్చే పని ఇంకా మిగిలి ఉంది.

7. పని మొదలుపెట్టే ముందు

తెచ్చే గ్రావెల్ నమూనా నానబెట్టిన సీబీఆర్ 12 శాతం కంటే తక్కువ వస్తే బంక భాగం లెక్క మళ్లీ కట్టాలి. బరువు దిశలో కొత్తగా గోదాములు గానీ యార్డులు గానీ వస్తున్నట్టు తెలిస్తే డీబీఎం ఆర్డరు ఇచ్చేలోపే మాకు తెలియజేయాలి. వీడీఎఫ్ 4.6 నుంచి 5.7 దాటిందంటే 155 మి.మీ.లో మిగులు ఉండదు.