అక్కా, ఈ బుల్లి కుక్కర్‌లో పప్పెట్ల ఉడుకుతదో రాసి పంపు

హనుమకొండ,
ఆదివారం రాత్రి

అక్కా,

బాగున్నావా? బుజ్జిదానికి జ్వరం తగ్గిందా? ఫోన్ చెయ్యక ఉత్తరం రాస్తున్నాడేంది అని నవ్వకు. ఫోన్‌లో అడిగితే నువ్వు "నీళ్లు సరిపడా పొయ్యి, ఉప్పు చూసుకుని వెయ్యి" అంటావు, ఈలోపు బుజ్జిది ఏడుస్తుంది, ఫోన్ పెట్టేస్తావు. ఆ "సరిపడా" ఎంతో తెలియకనే నా బతుకు ఇట్లయింది.

ఈ నెల నుంచి మా హాస్టల్లో రాత్రి భోజనం బంద్ పెట్టారు, ఫీజు మాత్రం అంతే. బయట కర్రీ పాయింట్‌లో పప్పు ప్యాకెట్ 30 రూపాయలు, అందులో పప్పు కంటే నీళ్లే ఎక్కువ. అందుకే రూమ్‌మేట్, నేను కలిసి ఒక లీటర్ రైస్ కుక్కర్ కొన్నాం. 300 వాట్లే కాబట్టి గంట నడిచినా యూనిట్‌లో మూడో వంతు కూడా కాలదు, వార్డెన్ కూడా దీనికి ఏమీ అనడు. ఇండక్షన్ స్టవ్ అంటే మాత్రం కళ్లెర్ర చేస్తాడు.

అన్నం బాగానే అవుతోంది. గొడవంతా పప్పుతోనే. మొదటిరోజు కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్ కప్పుతో ఒక కప్పు కందిపప్పు, మూడు కప్పుల నీళ్లు, నాలుగు టమాటలు, చింతపండు, ఉప్పు, కారం అన్నీ ఒకేసారి వేసి మూత పెట్టి స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి మూత టకటక ఎగురుతోంది, పసుపు నురగ బల్ల మీదికి కారి నా రికార్డు పుస్తకం కిందికి పోయింది. తుడిచి, మూత కొంచెం వారగా పెట్టి ఇంకో గంట ఉడికించాను. పప్పు అట్లాగే పలుకు పలుకుగా ఉంది, గంటెతో నొక్కితే జారిపోతోంది. చింతపండు ముందే వేస్తే పప్పు ఉడకదని పక్క రూమ్ అన్న చెప్పాడు, నిజమేనా? మా బోరు నీళ్లు చాలా ఉప్పగా ఉంటాయి, వాటివల్ల కూడానా? తాగే క్యాన్ నీళ్లు పోస్తే మారుతుందా?

ఇంకో సంగతి. అన్నం అయితే టక్కుమని దానంతటదే వార్మ్‌కి పడుతుంది. పప్పుకు పడదు. గిన్నెలో నీళ్లున్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటదు, నీళ్లు ఇంకి అడుగు వేడెక్కితేనే బటన్ లేస్తుందని ఎలక్ట్రికల్ చదివే మావాడు చెప్పాడు. అంటే అది టక్కుమనే లోపల పప్పు అడుగంటుతుంది. కాబట్టి ఎన్ని నిమిషాలకు నేనే ఆపాలో నువ్వు చెప్పాలి.

పోపు కూడా పెద్ద కథే. ఖాళీ గిన్నెలో నూనె పోసి జీలకర్ర వేశాను, అది చిటపటలాడే లోపే బటన్ టక్కున పైకి లేచింది. మళ్లీ నొక్కితే పడదు. బలవంతంగా వేలితో పట్టుకుంటే పాడైపోతుందని వదిలేశాను. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, ఎండుమిర్చి పచ్చిగానే పప్పులో వేసి ఉడికిస్తే తినబుద్ధి అవుతుందా? లేకపోతే అమ్మతో చెప్పి పోపు వేయించి డబ్బాలో పంపించు, రోజుకు ఒక చెంచా కలుపుకుంటాం. నెయ్యి వాసన వస్తే సగం కడుపు నిండుతుంది మాకు.

ధరలు కూడా చెప్తా, దాన్ని బట్టి ఏ పప్పో నువ్వే తేల్చు. మా గల్లీ కిరాణంలో కందిపప్పు కిలో 150, పెసరపప్పు 120, ఎర్రపప్పు 90, శనగలు కూడా 90. ఎర్రపప్పు నానబెట్టకపోయినా తొందరగా మెత్తబడుతుందట కదా, మా లాంటోళ్లకు అదే దిక్కేమో. కానీ నాకు శనగల గుడాల మీద మనసు. పొద్దున కాలేజీకి పోయేటప్పుడు నానబెట్టి సాయంత్రం ఆరింటికి ఉడకబెడితే సరిపోతుందా, లేక రాత్రంతా నానాలా? పోయినసారి రెండు గంటలు నానబెట్టి గంటన్నర ఉడికించాం. రూమ్‌మేట్ నమిలి నమిలి దవడ పట్టుకుని పడుకున్నాడు.

ఒక కాగితం మీద నా కప్పు లెక్కనే రాయక్కా: ఏ పప్పు ఎన్ని కప్పులు, నీళ్లు ఎన్ని, ఎంతసేపు నానాలి, ఉప్పు ఎప్పుడు, పులుపు ఎప్పుడు. నురగ పొంగకుండా ఒక చెంచా నూనె వెయ్యమని అమ్మ ఒకసారి అన్నట్టు గుర్తు, అది కూడా ఖాయం చెయ్యి. పప్పుగుత్తి లేదు, స్టీలు గ్లాసు అడుగుతో మెదుపుతున్నాం, గిన్నెకు గీతలు పడతాయా?

ఈ ఉత్తరం మీ ఊరికి వచ్చే మా దోస్తు చేతికి ఇస్తున్నా. బావ బుధవారం మార్కెట్ పని మీద వరంగల్ వస్తాడట కదా, నీ కాగితం ఆయనతో పంపు. కుదిరితే మామిడి తొక్కు కూడా. పప్పు ఉడకకపోతే అన్నంలోకి అదన్నా ఉంటుంది.

బాపుకు ఈ రికార్డు పుస్తకం సంగతి చెప్పకు.

నీ తమ్ముడు,
చింటు