మళ్ళీ వచ్చింది నాన్న పుట్టిన ఏడు

2026 మార్చి 19, పరాభవ ఉగాది. పల్లవి ఇంట్లో అందరం, చరణాలు నేను. డప్పు అక్కర్లేదు, పీట మీద చేత్తో దరువు చాలు.

పల్లవి
రావమ్మా ఉగాదీ, మా వాకిట్లోకి రావమ్మా
అరవై ఏళ్ళు లోకమంతా తిరిగి అలిసొచ్చావు, కూర్చోమ్మా
పరాభవ అనగానే పెదవి విరిచేవాళ్ళుంటారు, మేం కాదమ్మా
ఈ పేరుతోనే కదా మా నాన్నని ఇచ్చి వెళ్ళావు, మరిచావా అమ్మా

చరణం 1
తెల్లారకముందే అమ్మ పిలుపు, పెరట్లో కాగు కింద కొబ్బరి డొక్కల సెగ
గోరువెచ్చని నువ్వుల నూనె మాడుకి పట్టిస్తుంటే మళ్ళీ నిద్ర ఆగదుగా
ముప్పై దాటిన అన్నయ్యైనా ఆ పీట మీద చిన్నపిల్లాడే
కుంకుడు రసం కళ్ళల్లో పడితే ఉప్పుగల్లు కోసం నోరు తెరిచేవాడే
ఆఖరికి నాన్న వంతొచ్చింది, తల వంచాడు, అమ్మ గాజుల చప్పుడు
"నూరేళ్ళుండు" అని అమ్మ పైకి అనలేదు గానీ, అంతకన్నా ఎక్కువే అడిగింది ఆ చప్పుడు

(రావమ్మా ఉగాదీ...)

చరణం 2
గడపకి పసుపు అక్క రాసేది, ఈసారి నేను రాశాను, బొట్లు కాస్త వంకరగా వచ్చాయి
మోకాలు నొప్పున్నా తోరణం నేనే కడతానంటాడు నాన్న, స్టూలు చుట్టూ మా ఎనిమిది చేతులు కాచాయి
నాన్నమ్మ ఒళ్ళో చేట, చేటలో వేపపువ్వు, ఈనె ఒక్కటి మిగలనివ్వదు
కొంచెం తగ్గించవే అంటే "అది మానేస్తే పచ్చడెందుకు, పానకం తాగండి" అంటుంది, వినదు
కొత్త కుండ, కొత్త చింతపండు, కొత్త బెల్లం, చెట్టు మీంచి అప్పుడే దింపిన మామిడికాయ
మాది కోనసీమ కదా, ముక్కలు తరిగి వేయకుండా ఊరుకోం మా తోట కొబ్బరికాయ

(రావమ్మా ఉగాదీ...)

మాట (దరువు ఆపి, మెల్లగా)
1966 కార్తీకంలో, కోతల రోజుల్లో, నాన్నమ్మ నాన్నని కన్నది. ఈ పేరున్న ఏట పుట్టాడు, ఏం గెలుస్తాడు అన్నారట ఎవరో. 1996 నవంబరు తుఫానులో తోట మొత్తం ఒక్క రాత్రిలో పడుకుంది, అప్పటికి నాన్నకి ముప్పై నిండలేదు, నాలుగో రోజు నుంచే గోతులు తీసి కొత్త మొక్కలు పెట్టాడు. ఇవాళ పచ్చడిలో పడింది ఆ చెట్ల కొబ్బరే.

చరణం 3
సాయంత్రం రామాలయం అరుగు మీద పంచాంగం, ఊరంతా చెవులప్పగించి
గురువారం పండగొచ్చింది కనక ఈ ఏడు గురువే రాజంటారు పంతులుగారు అద్దాలు సవరించి
ఆదాయం ఇంత, వ్యయం ఇంత, రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అని రాశి రాశికీ లెక్క
ఎన్ని చెప్పినా నాన్న వేళ్ళు మాత్రం కార్తీకం దాకా నెలలు లెక్కపెడుతున్నాయి పక్కన
జ్యేష్ఠాలు రెండట ఈ ఏడు, పదమూడు నెలలట, అంటే ఒక నెల కొసరు ఇస్తున్నావన్నమాట
ఆ కొసరు నెల మా అక్క సెలవులో కలిపెయ్యమ్మా, ఇదొక్కటే నా మాట

చరణం 4
పరాభవం పంచాలనుకుంటే పంచమ్మా, ఎవరికి పంచాలో మేం చెబుతాం
కొబ్బరికాయ ధర పడగొట్టే రోజులకి పంచు, తోటకొచ్చే తెల్లదోమకి పంచు, చేతులెత్తి మొక్కుతాం
కాలవ చివరి చేలకి నీరందని కరువుకి పంచు, నాన్నమ్మ బీపీకి పంచు
అన్నయ్య ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని రాత్రిళ్ళు పట్టే ఆ టెన్షన్‌కి రెండింతలు పంచు
పక్కింట్లో ఈ ఏడు పండగ లేదు, మా బొబ్బట్లు వాళ్ళింటికీ వెళ్ళాయి, వచ్చే ఏటికి ఆ ముంగిట్లోనూ ముగ్గు పడనియ్యి
మా ఊరి నుంచి వెళ్ళిన పిల్లలు ఎక్కడున్నా, కడుపు నిండా తిని కంటి నిండా నిద్రపోనియ్యి

(దరువు పెంచి)
ఇక్కడ తెల్లారితే డాలస్‌లో ముందురోజు రాత్రి, ఫోనులో అక్క ముఖం
తనూ కలిపిందట పచ్చడి, వేపపువ్వు దొరక్క అమ్మ పోయినసారి ఎండబెట్టి ఇచ్చిన పొట్లంలోంచి తీసి, ఏడుస్తూ నవ్వుతూ చూపించింది గ్లాసు మా కోసం
"కార్తీకానికి వస్తున్నా నాన్నా, టికెట్ తీసేశా" అంది
పులిహోర కలుపుతున్న అమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది

ఆఖరి పల్లవి (అందరూ, ఫోనులో అక్క కూడా)
కూర్చోమ్మా ఉగాదీ, కార్తీకం దాకా కదలకమ్మా
అరవై నిండిన నాన్న మళ్ళీ పెళ్ళికొడుకవుతాడు, అమ్మ పెళ్ళికూతురమ్మా
ఈసారి వాళ్ళ తలంబ్రాలు మేమే కలుపుతాం, మా ముగ్గురి చేతులే తడవాలి పసుపుతో
నీకూ పీట వేశాం నాన్న పక్కనే, పచ్చడి తిని కూర్చో, నీ పేరుతో