కరెంటు బిల్లు గడువు ఇక మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు: మన యాప్‌లో 'ఆటో పే' వచ్చింది

జూన్ 10 నుంచి మన బ్యాంకు యాప్‌లో 'ఆటో పే' మొదలవుతోంది. కరెంటు బిల్లు, ఇంటర్నెట్ బిల్లు, పోస్ట్‌పెయిడ్ ఫోను బిల్లు, ఈ మూడూ ఒక్కసారి మీరు యాప్‌లో చేర్చి ఒప్పుకుంటే చాలు, ఆ తర్వాత ప్రతినెలా గడువు దాటకుండా యాపే కట్టేస్తుంది. ముందుగా విశాఖపట్నం ఖాతాదారులకే ఇస్తున్నాం. దీనికి చార్జీ ఏమీ లేదు. ఇష్టమైతేనే పెట్టుకోండి, వద్దనుకుంటే ఇప్పటిదాకా ఎలా కడుతున్నారో అలాగే కట్టుకోవచ్చు, మీ ఖాతాలో ఏదీ మారదు.

మొన్న సీతమ్మధార బ్రాంచిలో కొంతమందికి దీన్ని చూపించినప్పుడు రిటైరైన ఒక మాస్టారు అంతా ఓపిగ్గా విని, చివర్లో ఒకే మాట అడిగారు: "అంటే నా డబ్బు నన్నడక్కుండా పోతుందా బాబూ?" ఆటో పే అనగానే చాలామందికి మొదట వచ్చే అనుమానం ఇదే, రావడం న్యాయం కూడా. అందుకే ఎలా పెట్టుకోవాలో చెప్పేముందు ఈ సంగతే చెబుతాం.

మీకు తెలియకుండా పోదు. బిల్లు వచ్చిన వెంటనే యాప్ కట్టేయదు. డబ్బు తీసే ముందు, కనీసం 24 గంటల ముందు, మీ ఫోనుకి మెసేజ్ వస్తుంది: ఎవరికి, ఎంత, ఏ తేదీన కట్టబోతున్నామో అందులో ఉంటుంది. ఇది మేం మర్యాదకి పంపేది కాదు, రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం పంపి తీరాల్సింది. ఆ మెసేజ్ చూశాక ఈ నెల వద్దనిపిస్తే 'ఈసారి ఆపు' నొక్కండి, ఆ ఒక్క బిల్లూ ఆగుతుంది, వచ్చే నెల మళ్లీ మామూలే. అసలు మొత్తానికే వద్దనిపిస్తే 'ఆటో పే తీసేయి' అని పక్కనే ఉంటుంది. దానికి బ్రాంచికి రావక్కర్లేదు, అర్జీ రాయక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు.

ఇక లిమిట్ సంగతి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

ప్రతి బిల్లుకీ 'ఇంతకు మించి కట్టొద్దు' అని మీరే ఒక అంకె పెడతారు. గాజువాకలో ఒక ఇల్లు అనుకోండి. డిసెంబరులో ఫ్యాన్లు కూడా సరిగా తిరగవు, కరెంటు బిల్లు 900 లోపు వస్తుంది. మే నెలలో రాత్రంతా ఏసీ ఆడితే అదే ఇంటికి 2,800 వస్తుంది. లిమిట్ 1,000 పెట్టుకున్నారంటే ఎండాకాలం మొత్తం ఆటో పే ఆగిపోతూనే ఉంటుంది, పెట్టుకున్న ప్రయోజనమే ఉండదు. అలాగని 15,000 పెట్టేస్తే, మీటరు రీడింగు పొరపాటున తప్పు పడి 11,000 బిల్లు వచ్చినా యాప్ కట్టేస్తుంది, ఆ తర్వాత కరెంటు ఆఫీసు చుట్టూ తిరగాల్సింది మీరే. కాబట్టి పోయిన మే నెల బిల్లు తీసి చూడండి, దానికి రెండు మూడు వందలు కలిపి పెట్టండి. ఈ గాజువాక ఇంటికైతే 3,000 సరిపోతుంది. బిల్లు 3,240 వచ్చిందనుకోండి, యాప్ ముట్టుకోదు, 'మీ లిమిట్ దాటింది, చూసి మీరే కట్టండి' అని మెసేజ్ ఇచ్చి ఊరుకుంటుంది. లిమిట్ మరీ పెద్దది పెట్టుకోవద్దని మేమే చెబుతున్నాం.

15,000 అనే అంకె ఎక్కడిదంటే, ఇలాంటి బిల్లులకు ప్రతిసారీ పిన్ అడక్కుండా యాప్ కట్టగలిగేది అంతవరకే. అంతకు మించితే మీరు పిన్ కొట్టి ఒప్పుకోవాల్సిందే. ఇది కూడా రిజర్వు బ్యాంకు పెట్టిన హద్దే. ఆటో పే నడిచేది యూపీఐ మీద, 2020లో వచ్చిన యూపీఐ ఆటోపే పద్ధతిలోనే. ఫోనులో యూపీఐ వాడటం మీకు ఇప్పటికే అలవాటైతే ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు.

పెట్టుకోవడం ఎలా?

చేతిలో కరెంటు బిల్లు పెట్టుకుని కూర్చోండి. మీటరు చూసే అతను చిన్న మిషను లోంచి తీసి ఇచ్చే ఆ పొడుగాటి చీటీయే. ఆ చీటీ మీద అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి, వంటింట్లో పొయ్యి దగ్గర పెడితే ఇంకా తొందరగా పోతాయి, కాబట్టి కొత్తది తీసుకోండి. యాప్ తెరిచి కింద 'బిల్లులు' నొక్కితే పైనే ఆకుపచ్చగా 'ఆటో పే పెట్టండి' కనిపిస్తుంది. అందులో కరెంటు, ఆ తర్వాత ఈపీడీసీఎల్ ఎంచుకుని, చీటీ మీదున్న సర్వీస్ నంబరు అంకె అంకె చూసుకుంటూ కొట్టండి. పొడుగు నంబరు కదా, ఒక్క అంకె తప్పినా ఇంకెవరింటి బిల్లో కట్టినట్టవుతుంది. అందుకే నంబరు కొట్టగానే ఆ కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో యాప్ చూపిస్తుంది. ఆ పేరు తప్పకుండా చదవండి.

ఇక్కడ చాలామంది కంగారు పడతారు, ఎందుకంటే పేరు మీది ఉండకపోవచ్చు. అద్దె ఇల్లయితే ఓనరు పేరు ఉంటుంది. పాత ఇల్లయితే ఎప్పుడో పోయిన తాతగారి పేరే ఇంకా ఉంటుంది. ఫర్వాలేదు, చీటీ మీదున్న పేరూ యాప్‌లో చూపిన పేరూ ఒకటే అయితే చాలు, ముందుకు వెళ్లండి.

తర్వాత లిమిట్ పెట్టండి. ఆ తర్వాత తేదీ. 'గడువుకి ఎన్ని రోజుల ముందు కట్టాలి' అని అడిగితే మామూలుగా 3 రోజులు పెట్టుకోండి. అయితే మీ జీతం ఎప్పుడు పడుతుందో కూడా ఆలోచించుకోండి. ఒకటో తేదీన పెన్షనో జీతమో వచ్చేవాళ్లకి ఇబ్బంది లేదు. పరవాడ కంపెనీల్లో పనిచేసే కొందరికి ఏడో తేదీకి గానీ పడదు, అలాంటివాళ్లు గడువుకి ఒక రోజు ముందు అని పెట్టుకోవడమే మేలు. చివర్లో యూపీఐ పిన్ ఒక్కసారి అడుగుతుంది. పని అయిపోయింది, మొదటిసారికి ఐదు నిమిషాలు పట్టొచ్చు.

కట్టే రోజున ఖాతాలో డబ్బు లేకపోతే బిల్లు కట్టడం జరగదు, అప్పుగా తీసి కట్టడం అసలే ఉండదు. వెంటనే మెసేజ్ ఇస్తాం, మర్నాడు ఇంకోసారి ప్రయత్నిస్తాం, అప్పటికీ లేకపోతే వదిలేసి 'మీరే కట్టుకోండి' అని చెబుతాం. మా తరఫున జరిమానా ఏమీ వేయం గానీ, గడువు దాటితే బిల్లు మీద పడే ఆలస్య రుసుము మాత్రం మీరే కట్టుకోవాలి. గడువుకి ఒక రోజు ముందు అని పెట్టుకున్నవాళ్లకి ఆ రెండో ప్రయత్నం గడువు రోజునే పడుతుంది, ఇక వెసులుబాటు ఉండదు, కాబట్టి ముందు రోజు వచ్చే మెసేజ్ చూడగానే ఖాతాలో ఎంతుందో ఒకసారి చూసుకోండి.

ఇద్దరు కట్టేయడం అనేది ఇంకో చిక్కు. ఇంట్లో అబ్బాయి ఆటో పే పెడతాడు, ఆ సంగతి తెలియక నాన్నగారు అలవాటు ప్రకారం కౌంటరు దగ్గర కట్టేసి వస్తారు. కౌంటరులో కట్టింది యాప్‌కి తెలిసేలోపు మనవైపు నుంచి కూడా వెళ్లిపోవచ్చు. అలా ఎక్కువ పడిన డబ్బు సాధారణంగా తర్వాతి బిల్లులో తగ్గుతుంది, కానీ ఆ నెలకి చేతిలో డబ్బు తగ్గిపోతుంది కదా. అందుకే పెట్టుకున్న రోజే ఇంట్లో అందరికీ చెప్పండి.

అద్దెకుండేవాళ్లు ఇల్లు మారేటప్పుడు సామాను సర్దడానికి ముందే ఆటో పే తీసేయండి. ఎంవీపీ కాలనీలో ఇల్లు ఖాళీ చేసి మధురవాడ వెళ్లిపోయాక కూడా పాత ఇంటి సర్వీస్ నంబరు యాప్‌లో ఉండిపోతే, అక్కడికి కొత్తగా దిగినవాళ్ల ఏసీ బిల్లు మీ ఖాతాలోంచి పోతుంది. దీన్ని పట్టుకోవడం యాప్ వల్ల కాదు, మీరు ఇల్లు మారిన సంగతి దానికి తెలియదు.

ఈ పనిని మా జట్టులో చాలామందిమి ఇష్టంగా చేశాం. ఇది రాస్తున్న నా విషయమే చెబుతాను. మూడేళ్ల కిందట ఉద్యోగం పని మీద పదిహేను రోజులు ఊరు వదిలి వెళ్లి కంచరపాలెంలో అమ్మ ఉండే ఇంటి బిల్లు కట్టడం మర్చిపోయాను. ఫ్యూజు పీకేశారు. అమ్మ నాకు ఫోను చేసి చెప్పలేదు, పనిలో ఉన్నాడు ఎందుకులే అనుకుని, సాయంత్రం వరకూ గుమ్మంలో విసనకర్రతో కూర్చుంది. పక్కింటి పిన్నిగారు చెబితే నాకు తెలిసింది. బిల్లు 640 రూపాయలు. ఖాతాలో డబ్బు లేక కాదు, గుర్తులేక. అమ్మానాన్నలు పెందుర్తిలోనో విజయనగరంలోనో ఉండి, పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న ఇళ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. సర్వీస్ నంబరు ఉంటే చాలు, ఎక్కడినుంచైనా వాళ్ల బిల్లుకి మీ ఖాతా నుంచి ఆటో పే పెట్టొచ్చు. మెసేజ్ మీకొస్తుంది, కట్టేసిన రసీదు వాళ్ల ఫోనుకి పంపే వీలు కూడా ఉంది.

ఒక హెచ్చరిక, దయచేసి ఇంట్లో పెద్దవాళ్లకి చదివి వినిపించండి. 'మీ కరెంటు బిల్లు కట్టలేదు, ఈ రాత్రి 9:30కి కనెక్షన్ తీసేస్తాం, ఈ నంబరుకి ఫోను చేయండి' అనే మెసేజ్‌లు దేశమంతా తిరుగుతున్నాయి. అవి మోసం. ఆటో పే పేరు చెప్పి కూడా ఎవరైనా ఫోను చేయొచ్చు. ఆటో పే పెట్టిస్తామని మేము ఎవరికీ ఫోను చేయం, లింకు పంపం, ఇంకో యాప్ వేసుకోమని చెప్పం. యూపీఐ పిన్ మీ చేత్తో మీ ఫోనులో కొట్టేదే తప్ప ఎవరికీ చెప్పేది కాదు, బ్యాంకు మేనేజరుకైనా సరే. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడుతూ కూర్చోకండి, ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి, ఎంత తొందరగా చెబితే ఆ డబ్బుని దారిలో ఆపే అవకాశం అంత ఉంటుంది. ఆ వెంటనే మాకూ చెప్పండి.

జీవీఎంసీ ఇంటిపన్ను, నీటి చార్జీలు ఈ విడతలో లేవు. గ్యాస్ బండకి కూడా లేదు, అది బుక్ చేసినప్పుడు కట్టేదే కాబట్టి.

ఫోనులో ఇవన్నీ చేయడం ఇబ్బందిగా ఉంటే జూన్ 10 నుంచి నెలాఖరు వరకు ద్వారకానగర్, గాజువాక, మధురవాడ బ్రాంచిల్లో పనిరోజుల్లో ఉదయం 10:30 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఇందుకోసమే ఒక మనిషి కూర్చుని ఉంటారు. వచ్చేటప్పుడు ఫోను, కొత్త కరెంటు చీటీ తెచ్చుకోండి. పక్కన కూర్చుని చూపిస్తారు, పిన్ మాత్రం మీరే కొట్టాలి, ఆ సమయంలో వాళ్లు తల పక్కకి తిప్పుకుంటారు.